ఉమామిని నాలుకతో గుర్తుపట్టడం: మూడు కప్పుల దాషితో ఐదో రుచి

ఉమామి అంటే మాంసంలో, పండిన టమాటాలో, ఏళ్ళు నిల్వ ఉన్న చీజ్‌లో ఉండే రుచి అని చెబితే వినేవాళ్ళకు పెద్దగా ఏమీ తెలియదు. ఆ మూడింటిలోనూ పులుపు, ఉప్పు, కొవ్వు, బోలెడన్ని వాసనలు కలిసి ఉంటాయి. వాటిలో ఏది ఉమామో వేలు పెట్టి చూపించలేం. దాన్ని విడిగా తెలుసుకోవాలంటే ఉమామి తప్ప మిగతా రుచులు చాలా తక్కువగా ఉన్న ద్రవం ఒకటి కావాలి. జపాన్ ఇళ్ళలో అలాంటిది తరతరాలుగా కాస్తున్నారు. దాని పేరు దాషి. సముద్రపు నాచును నీళ్ళలో నానబెట్టి, ఎండిన చేప తురుము వేసి వడకట్టిన తేట చారు అది. ఇంట్లో దాన్ని మూడు రకాలుగా కాచి, మూడు కప్పుల్లో పక్కపక్కన పెట్టుకుని తాగితే ఐదో రుచి ఏమిటో, వంటవాళ్ళు దాన్ని చారుతోనూ పులియబెట్టిన పదార్థాలతోనూ ఎందుకు ముడిపెడతారో తెలుస్తుంది. ఎలా చేయాలో కింద వరసగా రాస్తున్నాను.

ఆరు రుచులుండగా ఇది ఐదోది ఎలా అయింది?

మనకు తెలిసిన లెక్క షడ్రుచులు: తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు. శరీరశాస్త్రం లెక్క వేరు. నాలుక మీద ఉన్న రుచి మొగ్గల్లో దాన్ని పట్టుకునే ప్రత్యేకమైన గ్రాహకం ఉంటేనే అది మూల రుచి అంటుంది. ఈ లెక్కలో కారం రుచి కాదు. మిరపకాయలోని పదార్థం వేడినీ నొప్పినీ పసిగట్టే నరాలను తాకుతుంది కాబట్టే కళ్ళకు తగిలినా, చేతికి రాసుకున్నా మండుతుంది. వగరు కూడా ఎక్కువగా స్పర్శే. నోట్లోని లాలాజలం జారుడుతనం కోల్పోయి నాలుక పట్టేసినట్టు అవుతుంది. ఈ రెండూ పోగా మిగిలినవి నాలుగు. వాటి తర్వాత చేరింది ఉమామి.

ఆ పేరు పెట్టింది టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో రసాయన శాస్త్రం చెప్పిన కికునాయే ఇకేదా. జర్మనీలో కొన్నాళ్ళు చదువుకుని వచ్చిన మనిషి. టమాటా, చీజ్, మాంసం, ఆస్పరాగస్ లాంటి వాటిలో ఉమ్మడిగా ఒక రుచి ఉందనీ, అది తెలిసిన నాలుగు రుచుల్లో దేనికీ చెందదనీ ఆయన గమనించాడు. అదే రుచి కొంబు అనే సముద్రపు నాచుతో కాచిన దాషిలో ఇంకా స్పష్టంగా కనిపించింది. 1908 లో ఆ దాషిలోంచి రుచికి కారణమైన పదార్థాన్ని వేరు చేశాడు. అది గ్లుటమిక్ ఆమ్లం. కొత్త పదార్థమేమీ కాదు. 1866 లోనే జర్మన్ శాస్త్రవేత్త రిట్‌హౌసెన్ గోధుమ జిగురులోంచి దాన్ని వేరు చేశాడు. దానికి ఒక రుచి ఉందని, ఆ రుచి మనం రోజూ తింటున్నదేనని చెప్పింది మాత్రం ఇకేదా. జపనీస్‌లో రుచిగా ఉందనడానికి వాడే 'ఉమై' అనే మాట నుంచి ఆయన ఉమామి అన్న పేరు తీశాడు.

గ్లుటమిక్ ఆమ్లం సోడియం లాంటి లోహంతో కలిసి లవణంగా ఉన్నప్పుడు దాన్ని గ్లుటమేట్ అంటారు. ఇక నుంచి ఆ మాటే వాడతాను.

కావలసినవి

ఎండు కొంబు 15 గ్రాములు. జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కాయిడో తీరంలో పండేది. మన నగరాల్లో విదేశీ సరుకులు అమ్మే సూపర్ మార్కెట్లలోనూ, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. ముక్క మీద తెల్లటి పొడి ఉంటుంది. బూజు అనుకుని కడిగేయకండి. అది ఎండినప్పుడు పైకి తేలిన మానిటాల్ అనే తీపి పదార్థం. దుమ్మేమైనా ఉంటే తడి గుడ్డను గట్టిగా పిండి, ఒకసారి తుడిస్తే చాలు.

కత్సుఓబుషి 25 గ్రాములు. ఇది ఒక రకం సూర చేపను ఉడికించి, పొగబెట్టి, కర్రలా గట్టిపడేదాకా ఎండబెట్టి, పల్చగా చిత్రిక పట్టినట్టు తీసిన తురుము. తూకంలో తేలిక, 25 గ్రాములంటేనే పెద్ద గిన్నెడు అవుతుంది. ఇది చేప కాబట్టి శాకాహారులు దీని జోలికి వెళ్ళనక్కర్లేదు. వాళ్ళ పద్ధతి కింద విడిగా ఉంది.

నీళ్ళు సుమారు రెండు లీటర్లు. ఈ విషయంలో అశ్రద్ధ వద్దు. హైదరాబాద్ లాంటి చోట్ల బోరు నీళ్ళలో కాల్షియం ఎక్కువ, అలాంటి నీళ్ళలో కొంబు సారం సరిగా దిగదు. క్యోటో వంటవాళ్ళు అక్కడి మెత్తటి నీళ్ళ గురించి అంత గొప్పగా చెప్పుకోవడానికి కారణం ఇదే. ఇంట్లో ఆర్వో ఫిల్టర్ నీళ్ళు వాడండి.

ఇవి కాక ఉప్పు, గ్రాములు చూపించే చిన్న వంటింటి తూకం, పల్చటి నూలు గుడ్డ.

ఒక జాగ్రత్త. కొంబులో అయోడిన్ విపరీతంగా ఉంటుంది. పెద్దవాళ్ళకు రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములైతే, ఒక్క గ్రాము కొంబులోనే అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది, అందులో చాలా భాగం నీళ్ళలోకి దిగుతుంది. థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా తాగవద్దు. మిగతావాళ్ళు కూడా ఎప్పుడో ఒకసారి రుచి చూడటం వేరు, రోజూ లోటాలకు లోటాలు తాగడం వేరు.

మూడు కప్పులు కాయడం

1. రాత్రి ఒక లీటరు చల్లటి నీళ్ళలో 15 గ్రాముల కొంబు వేసి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. పొద్దున్నకు నాచు మెత్తబడి రెండింతలు పెద్దదవుతుంది, నీళ్ళు లేత పసుపు రంగుకు వస్తాయి. ఎనిమిది గంటలు చాలు.

2. ఆ గిన్నెను నాచుతో సహా స్టవ్ మీద పెట్టి సిమ్‌లో మెల్లగా వేడి చేయండి. పది నిమిషాలకు తగ్గకుండా పట్టాలి. గిన్నె అడుగున చిన్న చిన్న బుడగలు లేచి, అంచుల్లో పైకి రావడం మొదలవగానే కొంబు తీసేయండి. మరగనివ్వకూడదు. థర్మామీటర్ ఉన్నవాళ్ళు 60 డిగ్రీల దగ్గర ఒక గంట నిలబెట్టగలిగితే ఇంకా బాగా దిగుతుంది. పేరున్న జపనీస్ వంటవాళ్ళు చాలామంది అలాగే చేస్తారు. ఇంట్లో రాత్రంతా నానింది కాబట్టి ఆ కష్టం తప్పనిసరి కాదు.

3. ఈ కొంబు దాషిలో సగం, అంటే అర లీటరు, వేరే గిన్నెలోకి తీసి పక్కన పెట్టండి. ఇది మొదటి కప్పు కోసం.

4. ఇంకో గిన్నెలో అర లీటరు మామూలు నీళ్ళు మరిగించి, స్టవ్ కట్టేసి, ఒక నిమిషం ఆగండి. వేడి కాస్త దిగుతుంది. అందులో సగం చేప తురుము వేసి, గరిటె పెట్టకుండా వదిలేయండి. తురుము తడిసి అడుక్కి దిగడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. గుడ్డలో వడకట్టండి. గుడ్డను పిండకండి, కారినంతే చాలు. ఇది రెండో కప్పు.

5. మిగిలిన అర లీటరు కొంబు దాషిని మరిగే దాకా తెచ్చి, పైన తేలిన నురగ తీసేసి, స్టవ్ కట్టేయండి. నిమిషం ఆగి మిగతా తురుము వేసి, రెండో దానిలాగే వడకట్టండి. ఇది మూడో కప్పు. జపాన్‌లో మామూలుగా దాషి అని వాడేది దీన్నే.

6. మూడు కప్పుల్లో ఒక్కో రకం 150 మి.లీ. చొప్పున పోయండి. నాలుగో కప్పులో అంతే వేడి నీళ్ళు పోయండి. నాలుగింటిలోనూ ఒక్కో గ్రాము ఉప్పు కరిగించండి. ఉప్పు కొలత అన్నింటిలోనూ ఒకటే ఉండాలి. లేకపోతే మీరు పోల్చేది ఉప్పును అవుతుంది, ఉమామిని కాదు.

పొగలు కక్కుతున్నప్పుడు తాగితే రుచి సరిగా తెలియదు. గోరువెచ్చని కంటే కాస్త ఎక్కువ వేడిలో తాగండి. ఒక్కో కప్పు మధ్య మంచినీళ్ళతో నోరు పుక్కిలించండి.

ఏ కప్పులో ఏం వెతకాలి

ముందు ఉప్పు నీళ్ళు తాగండి. ఉప్పదనం వెంటనే తగిలి, మింగగానే పోతుంది. తర్వాత కొంబు కప్పు తాగండి. మొదటి గుక్కలో పెద్ద తేడా తెలియకపోవచ్చు. మింగిన తర్వాత పది సెకన్లు ఏమీ చేయకుండా నోటిని గమనించండి. నాలుక అంతటా పల్చటి పొరలాగా ఏదో పరుచుకుని ఉంటుంది, నోరు ఊరుతుంది, ఆ ఊరడం వెంటనే ఆగదు. చింతపండు నోట్లో పెట్టుకుంటే ఒక్కసారిగా పల్చటి నీరు ఊరి తగ్గిపోతుంది కదా, ఇది అలా కాదు. మెల్లగా, చిక్కగా, చాలాసేపు ఊరుతుంది. ఆ నిలిచి ఉండే తనమే ఉమామి గుర్తు.

కొంబు కప్పులో ఈ రుచి లీలగానే ఉండటానికి కారణం ఉంది. నాలుక గ్లుటమేట్‌ని పసిగట్టాలంటే వంద మిల్లీలీటర్ల నీళ్ళలో సుమారు 30 మిల్లీగ్రాములు ఉండాలి. మనం కాచిన కొంబు దాషి ఆ గీతకు అటూ ఇటూగానే ఉంటుంది.

రెండో కప్పులో పొగ వాసన, చేప వాసన బలంగా వస్తాయి. కొంచెం పులుపు కూడా తగులుతుంది. కానీ వాసన పోగానే నోరు ఖాళీ అయినట్టుంటుంది. ముక్కు మూసుకుని తాగితే ఈ కప్పు ఎంత పల్చనో ఇంకా బాగా తెలుస్తుంది.

ఇప్పుడు మూడోది తాగండి. ఒకటో కప్పు, రెండో కప్పు కలిపితే రావలసిన రుచి కంటే ఇది చాలా ఎక్కువగా ఉంటుంది. ముక్కు మూసుకున్నా తగ్గదు. ఉప్పు అంతే వేసినా ఉప్పు సరిపోయినట్టు, చారు చిక్కబడినట్టు అనిపిస్తుంది.

ఈ పెరుగుదల ఊహ కాదు. ఇకేదా శిష్యుడు షింతారో కొదామా 1913 లో కత్సుఓబుషిలో ఇనోసినేట్ అనే పదార్థాన్ని పట్టుకున్నాడు. 1957 లో అకిరా కునినకా గ్వానిలేట్ అనే మరో దాన్ని ఉమామి పదార్థంగా గుర్తించాడు. ఎండు షియిటాకే పుట్టగొడుగుల్లో ఉండేది అదే. ఈ రెండూ విడిగా ఉన్నప్పుడు అంత బలమైనవి కావు, గ్లుటమేట్‌తో కలిస్తేనే వాటి సత్తా తెలుస్తుంది. గ్లుటమేట్, ఇనోసినేట్ సమానంగా కలిపితే, అదే మొత్తం గ్లుటమేట్ ఒక్కటే వాడినప్పటి కంటే ఏడెనిమిది రెట్లు బలమైన ఉమామి వస్తుంది. నాలుక మీది గ్రాహకాన్ని 2002 లో గుర్తించాక దీనికి కారణం కూడా తెలిసింది. గ్లుటమేట్ వచ్చి కూర్చోగానే గ్రాహకం దాని మీద మూసుకుంటుంది. ఇనోసినేట్ దాని పక్కనే అతుక్కుని, మూసిన తలుపుకు గడియ వేసినట్టు, త్వరగా తెరుచుకోకుండా చేస్తుంది. అందుకే కొంచెం గ్లుటమేట్ కూడా చాలాసేపు పలుకుతుంది.

తేడా తెలియకపోతే, రుచి చెడితే

చారు జిగటగా ఉండి, చెరువు నాచు వాసన వేస్తే కొంబు మరిగిందని అర్థం. నాచు గోడల్లోని జిగురు, చేదు నీళ్ళలోకి వచ్చేశాయి. దాన్ని బాగుచేయలేం, కూరలో పోసుకోవాలి. మూడో కప్పు మబ్బుగా, వగరుగా ఉంటే తురుమును మరిగించడమో, గుడ్డను పిండడమో జరిగింది. మొదటి కప్పూ ఉప్పు నీళ్ళూ ఒకేలా ఉంటే ముందు నీళ్ళను అనుమానించండి, ఆ తర్వాత కొంబును. సూప్‌లో ముక్కలుగా తినడానికి అమ్మే పల్చటి నాచులు వేరు, దాషికి వాడే మందపాటి కొంబు వేరు. పాకెట్ మీద ఏది రాసి ఉందో చూసి కొనాలి.

ఉప్పు వేయకుండా రుచి చూసి, ఏమీ లేదే అని వదిలేసేవాళ్ళు కూడా ఉంటారు. గ్లుటమేట్ ఒక్కటే నీళ్ళలో ఉంటే అంత బాగుండదు, చప్పగా, ఒకలాంటి వెగటుగా ఉంటుంది. కాస్త ఉప్పు తోడైతేనే అది కమ్మదనంగా మారుతుంది. ఎలాంటి చారుకైనా ఉప్పు సరిచూసుకున్నాకే ఉమామి ఉందో లేదో తేల్చాలి.

చారుతో లంకె ఎక్కడుంది

ఒక ముఖ్యమైన విషయం ఇక్కడ చెప్పాలి. గ్లుటమిక్ ఆమ్లం ప్రొటీన్ ఉన్న ప్రతి తిండిలోనూ ఉంటుంది. కందిపప్పులో ఉంది, పాలల్లో ఉంది, మాంసంలో ఉంది. కానీ అది ప్రొటీన్ గొలుసులో ఒక కడియంగా బిగిసిపోయి ఉన్నంతకాలం నాలుకకు తెలియదు. గ్రాహకం పట్టుకునేది గొలుసు నుంచి విడిపోయిన గ్లుటమేట్‌నే. కొంబులో విశేషం ఏమిటంటే అందులో విడి గ్లుటమేట్ ముందునుంచే ఎక్కువగా ఉంటుంది. అది నీళ్ళలో తేలిగ్గా కరుగుతుంది. నానబెడితే చాలు బయటికి వచ్చేస్తుంది.

చారు కాయడం అంటే ఇదే పని. గట్టి పదార్థంలో అక్కడక్కడ ఉన్న విడి గ్లుటమేట్, ఇనోసినేట్ నీళ్ళలోకి దిగి, నాలుక అంతటా తగిలేలా పరుచుకుంటాయి. మాంసంలో ఇనోసినేట్ ఎలా వస్తుందో కూడా తెలుసుకోవాలి. బతికున్న కండలో శక్తి కోసం వాడే ఏటీపీ అనే పదార్థం, ప్రాణం పోయాక మెల్లగా విరిగి ఇనోసినేట్ అవుతుంది. అలాగే వదిలేస్తే అది కూడా ఇంకా విరిగి రుచి లేని, చేదు పదార్థాలవుతాయి. సమయానికి ఉడికిస్తే ఆ విరగగొట్టే ఎంజైములు ఆగిపోతాయి, ఇనోసినేట్ నిలిచిపోతుంది. కత్సుఓబుషిని ఎండబెట్టే ముందు ఉడికించడం వల్ల కలిగే మేలు ఇదే.

ప్రపంచంలో చాలా చోట్ల చారు కాచే పద్ధతిలో ఒక కూరగాయ, ఒక మాంసమో చేపో కలిసి ఉండటం కనిపిస్తుంది. ఫ్రాన్స్‌లో ఎముకలతో ఉల్లి, క్యారట్, చైనాలో కోడితో ఉల్లికాడలు, జపాన్‌లో సూర చేపతో కొంబు. గ్లుటమేట్ ఒకవైపు నుంచి, ఇనోసినేట్ ఇంకోవైపు నుంచి వస్తాయి. ఈ వంటలు పుట్టినప్పుడు ఎవరికీ ఆ పేర్లు తెలియవు, నాలుకే చెప్పింది.

చిక్కదనాన్ని మాత్రం ఉమామి అనుకోకండి. పాయా రాత్రంతా ఉడికితే పెదవులు అంటుకునేంత జిగురు వస్తుంది. అది ఎముకల నుంచి, కీళ్ళ నుంచి వచ్చిన జెలటిన్. అది విరగని ప్రొటీన్ కాబట్టి దానికి ఉమామి లేదు. పాయాలో ఉమామి వచ్చేది మాంసం సారం నుంచి, వేసిన టమాటా, ఉల్లి నుంచి.

శాకాహారుల దాషి

జపాన్ బౌద్ధ ఆశ్రమాల వంటలో చేప ఉండదు. అక్కడ కొంబుకు జత ఎండు షియిటాకే. లీటరు నీళ్ళకు 10 గ్రాముల కొంబు, 15 గ్రాముల ఎండు షియిటాకే, అంటే నాలుగైదు పుట్టగొడుగులు తీసుకోండి. రెండింటినీ విడివిడిగా సగం సగం నీళ్ళలో ఫ్రిజ్‌లో రాత్రంతా నాననివ్వండి. కొంబును పైన చెప్పినట్టే వేడి చేసి తీసేయండి. పుట్టగొడుగులను నానిన నీళ్ళతో సహా సన్నటి మంట మీద మెల్లగా వేడి చేసి, ఐదు నిమిషాలు ఉడికించి, వడకట్టి కలపండి.

వేడినీళ్ళలో గబగబా నానబెడితే ఎందుకు పనికిరాదంటే, గ్వానిలేట్ పుట్టగొడుగులో తయారుగా ఉండదు. ఎంజైమ్ ఒకటి 60, 70 డిగ్రీల మధ్య పుట్టగొడుగులోని ఆర్‌ఎన్‌ఏను విరిచి దాన్ని తయారుచేస్తుంది. చల్లటి నీళ్ళలో నానితే ముక్క లోపలిదాకా తడుస్తుంది, తర్వాత మెల్లగా వేడెక్కేటప్పుడు ఆ ఎంజైమ్‌కు పని చేసే సమయం దొరుకుతుంది. పచ్చి పుట్టగొడుగుల్లో గ్వానిలేట్ దాదాపు లేనట్టే. కాబట్టి మార్కెట్లో దొరికే తెల్ల బటన్ పుట్టగొడుగులతో ఈ ప్రయోగం చేయకండి.

పులియబెట్టినవాటితో లంకె

కొంబులా విడి గ్లుటమేట్‌తో పుట్టే పదార్థాలు తక్కువ. మిగతావాటిలో ప్రొటీన్ గొలుసును తెంపాలి. ఉడికిస్తే తెగదు. కుక్కర్‌లో ఎన్ని విజిల్స్ వచ్చినా పప్పు మెత్తబడుతుంది కానీ దాని ప్రొటీన్ అమైనో ఆమ్లాలుగా విడిపోదు. ఆ పని చేయగలిగింది ఎంజైములు, లేదా ఘాటైన ఆమ్లం.

సోయా సాస్ తయారీలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఉడికిన సోయా గింజలు, వేయించి పగలగొట్టిన గోధుమల మీద ఆస్పర్‌జిల్లస్ ఒరైజే అనే బూజును రెండు మూడు రోజులు పెంచుతారు. దీన్ని కోజి అంటారు. తర్వాత దాన్ని గాఢమైన ఉప్పు నీళ్ళలో కలిపి నెలల తరబడి వదిలేస్తారు. ఆ ఉప్పుకు బూజు బతకదు. కానీ అది వదిలిన ఎంజైములు పనిచేస్తూనే ఉంటాయి. కొన్ని ప్రొటీన్ గొలుసును ముక్కలు చేస్తాయి, ఒకటి విడిపోయిన గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లాన్ని గ్లుటమేట్‌గా మారుస్తుంది. ఉప్పు కుళ్ళు పుట్టించే సూక్ష్మజీవులను ఆపుతుంది కాబట్టి ఎంజైములకు కావలసినంత సమయం దొరుకుతుంది. ఆరు నెలలు, ఏడాది గడిచేసరికి ఆ ద్రవంలో కొంబు దాషిలో కంటే ఎన్నో రెట్లు విడి గ్లుటమేట్ ఉంటుంది. మీసో ముద్ద కూడా ఇలాగే తయారవుతుంది. థాయిలాండ్, వియత్నాం చేప సాస్‌లో బూజు అక్కర్లేదు, చేప పేగుల్లోని సొంత ఎంజైములే ఆ పని చేస్తాయి. పర్మెజాన్ చీజ్ ఏడాదికి పైగా మాగేటప్పుడు జరిగేదీ ఇదే. కొరికితే తగిలే తెల్లటి రవ్వలు కూడా అలా విడిపోయిన అమైనో ఆమ్లం గడ్డకట్టినవే, అయితే అవి ఎక్కువగా టైరోసిన్.

దీన్ని నాలుకతో చూడాలంటే, మూడో రకం దాషి ఉప్పు వేయనిది 150 మి.లీ. వేడి చేసి, స్టవ్ దించాక రెండు టీ స్పూన్ల మీసో కలపండి. మీసోలో ఉప్పు ఉంటుంది కాబట్టి వేరే వేయకండి. పక్కన మామూలు వేడినీళ్ళలో అంతే మీసో కలిపి పెట్టుకోండి. మీసో నీళ్ళే రుచిగా ఉన్నాయనిపిస్తుంది. తర్వాత దాషిలో కలిపినది తాగితే, మీసోలోని గ్లుటమేట్‌కు చేపలోని ఇనోసినేట్ తోడైనప్పుడు రుచి ఎంత ఎగబాకుతుందో తెలుస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడతారు. పులిసిందల్లా ఉమామి కాదు. ఇడ్లీ పిండి, పెరుగు పులియడంలో పనిచేసేవి ముఖ్యంగా లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బ్యాక్టీరియా. వాటికి కావలసింది చక్కెరలు. ఒక రాత్రిలో అవి ఇచ్చేది పులుపు. ప్రొటీన్ గొలుసు పెద్దగా తెగేంత సమయం ఉండదు, అంత ఎంజైమ్ బలమూ ఉండదు. ఒక పదార్థం పులిస్తే ఉమామి వస్తుందా అని తెలుసుకోవాలంటే రెండు ప్రశ్నలు వేసుకోండి. అందులో ప్రొటీన్ దండిగా ఉందా? దాన్ని తెంపే ఎంజైములు నెలల తరబడి పనిచేశాయా? రెండింటికీ అవునంటే ఉమామి ఉంటుంది.

టేస్టింగ్ సాల్ట్ సంగతి

మన దగ్గర అజినొమోటో అనీ, టేస్టింగ్ సాల్ట్ అనీ పిలిచేది మోనోసోడియం గ్లుటమేట్. ఇకేదా కనిపెట్టిన పద్ధతితో 1909 లో అమ్మకానికి వచ్చింది. మొదట్లో గోధుమ జిగురును ఆమ్లంతో విరగగొట్టి చేసేవారు. 1956 లో గ్లుటమేట్ తయారుచేసే బ్యాక్టీరియా దొరికాక, చెరకు మడ్డి లాంటి తీపి సరుకును పులియబెట్టి చేస్తున్నారు. నీళ్ళలో కరిగాక అది కొంబులోని గ్లుటమేట్‌కు, టమాటాలోని దానికి ఏమీ తేడా లేదు. 1968 లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో అచ్చయిన చిన్న ఉత్తరంతో దీని మీద భయం మొదలైంది. తర్వాత ఏది ఇస్తున్నారో తెలియకుండా చేసిన పరీక్షల్లో, మామూలు భోజనంలో ఉండే మోతాదుకు ఆ లక్షణాలు నిలకడగా కనిపించలేదు. తినకూడదనుకునేవాళ్ళు మానేయడంలో తప్పులేదు. కానీ విషం అనే మాట నిజం కాదు.

కొంబు దొరకనివాళ్ళు దీనితోనే మొదటి పరీక్ష చేయొచ్చు. రెండు కప్పుల్లో 150 మి.లీ. చొప్పున వేడినీళ్ళు, ఒక్కో గ్రాము ఉప్పు. ఒకదాంట్లో మాత్రం అర గ్రాము టేస్టింగ్ సాల్ట్. తేడా వెంటనే తెలుస్తుంది, వాసన అంటూ ఏమీ ఉండదు కాబట్టి ఉమామి దాని అసలు రూపంలో దొరుకుతుంది. అర గ్రాముకు బదులు రెండు గ్రాములు వేసి చూడండి, రుచి పెరగదు, మొద్దుబారి వెగటు పుడుతుంది. కూరల్లో కూడా దానికి ఇలాంటి హద్దే ఉంది.

మన గిన్నెలోకి

టమాటా పప్పు ఎందుకంత కమ్మగా ఉంటుందో ఇప్పుడు చెప్పొచ్చు. పప్పులోని గ్లుటమేట్ బిగిసి ఉంది, టమాటాలోది విడిగా ఉంది. టమాటా పండే కొద్దీ అది పెరుగుతుంది. కండలో కంటే గింజల చుట్టూ ఉన్న జిగురు గుజ్జులో చాలా ఎక్కువ. గింజలు తీసేసి వండమని చెప్పే వంటకాలు ఆ రుచినే పారేయిస్తున్నాయి. చారుకైనా పప్పుకైనా బాగా ఎర్రగా పండినవి తీసుకుని, గింజలతో సహా వేయండి.

కోస్తాలో ఎండు నెత్తళ్ళు టమాటాతో పులుసు పెడతారు. జపాన్‌లో ఇలాంటి చిన్న చేపలనే ఉడికించి ఎండబెట్టి నిబోషి పేరుతో దాషికి వాడతారు. కొంబు స్థానంలో టమాటా, కత్సుఓబుషి స్థానంలో నెత్తళ్ళు అనుకుంటే లెక్క సరిపోతుంది. నలుగురికి పులుసు అయితే నాలుగు పండు టమాటాలు, 30 గ్రాముల నెత్తళ్ళు చాలు. తలలు, పొట్టలు తీసేయండి, చేదు ఉండేది అక్కడే. పొడి మూకుడులో రెండు నిమిషాలు వేయించి, కడిగి, టమాటా మగ్గాక వేయండి. నెత్తళ్ళలో ఉప్పు ఎంత ఉందో కొట్టును బట్టి మారుతుంది కాబట్టి ఉప్పు ఆఖర్న వేయాలి. మామూలుగా వేసే దానిలో మూడింట రెండు వంతులు వేసి రుచి చూడండి, చాలాసార్లు మిగతాది అక్కర్లేకపోతుంది. చింతపండు కూడా తగ్గించండి. పులుపు ఎక్కువైతే ముందు నోరు ఊరేది దానికే, ఉమామి దాని వెనక పడిపోతుంది.